బిల్లు అడుగున చిన్న పన్ను పట్టిక: ఏ సరుకు ఏ రేటుదో తేల్చడం ఎలా

బిల్లులో సరుకు పేరు ఉంటుంది, పరిమాణం ఉంటుంది, ధర ఉంటుంది. పన్ను రేటు మాత్రం ఉండదు. అడుగున గోరంత పట్టికలో 5 శాతం మీద ఇంత, 18 శాతం మీద ఇంత అని రెండు మూడు వరుసల్లో మొత్తాలు ఇచ్చి ఊరుకుంటారు. ఆ బిల్లును ఎవరో ఫోనులో ఫోటో తీసి పంపుతారు. మీరు ఒక్కో సరుకును దాని రేటుతో సహా లెక్కల్లోకి ఎక్కించాలి. ఆడిటర్ల దగ్గర, ట్యాలీ ఆపరేటర్ల దగ్గర ఇది రోజువారీ పని. చాలామంది సరుకు పేరు చూసి, అలవాటుగా తెలిసిన రేటు వేసి ముందుకు పోతారు. అడుగున మొత్తం కుదరకపోతే తేడాను రౌండాఫ్‌లో తోసేస్తారు. ఈ పద్ధతి మంచిది కాదు. ఆ గోరంత పట్టికే మీ చేతిలో ఉన్న అసలు సాక్ష్యం, దాన్ని ఎలా వాడుకోవాలో ఒక బిల్లు పట్టుకుని చివరిదాకా చూద్దాం.

ఉదాహరణ కోసం నేను కూర్చిన బిల్లు ఇది. ఒక చిన్న కిరాణా కొట్టు యజమాని పట్టణంలోని పెద్ద దుకాణంలో సరుకు కొన్నాడని అనుకుందాం. బిల్లు తేదీ 14 అక్టోబరు 2025.

```
కందిపప్పు (లూజు) 5 కి.        610.00
ఉప్పు 2 ప్యాకెట్లు              40.00
సన్‌ఫ్లవర్ నూనె 5 లీ.          785.00
టీ పొడి 1 కి.                  436.00
బిస్కెట్లు                     120.00
ఒంటి సబ్బులు                  168.00
డిటర్జెంట్ పౌడర్               465.00
హ్యాండ్‌వాష్                   185.00
గిన్నెల లిక్విడ్               230.00
మొత్తం                       3039.00

రేటు   పన్ను విలువ   సీజీఎస్టీ   ఎస్జీఎస్టీ
5%      1437.14      35.93      35.93
18%      745.76      67.12      67.12
```

మొదట ఫోటో సంగతి

సరుకుల వరుసలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి కాబట్టి ఫోటో ఎలా ఉన్నా చదవగలం. పట్టిక అలా కాదు. థర్మల్ కాగితం మీద అన్నిటికంటే సన్నటి అక్షరాలు దానివే. పైగా బిల్లును మడిచి జేబులో పెట్టినప్పుడు మడత తరచుగా అక్కడే పడుతుంది. అందుకే బిల్లు పంపేవారికి ఒక మాట ముందే చెప్పి ఉంచండి: బిల్లు మొత్తానికి ఒక ఫోటో, పట్టికకు మాత్రమే దగ్గరగా ఇంకో ఫోటో. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపమనండి. ఫ్లాష్ వద్దు, థర్మల్ కాగితం మీద ఫ్లాష్ పడితే ఆ చోట తెల్లటి మచ్చ తప్ప ఏమీ మిగలదు. కిటికీ పక్కన పెట్టి పైనుంచి నిటారుగా తీస్తే చాలు.

ఫోటో వచ్చాక వెంటనే అంకెలు ఎక్కించకండి. పట్టిక ఏ తరహాదో ముందు చూడండి. మన బిల్లులో ఒక్కో రేటుకు ఒక్కో వరుస ఉంది, సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ పక్కపక్కనే ఉన్నాయి. కొన్ని దుకాణాల సాఫ్ట్‌వేర్ సీజీఎస్టీ 2.5 శాతానికి ఒక వరుస, ఎస్జీఎస్టీ 2.5 శాతానికి మరో వరుస వేస్తుంది. రెంటిలోనూ అదే పన్ను విలువ, అంటే పన్ను వేయకముందున్న ధర, 1437.14 కనిపిస్తుంది. అది తెలియక రెండు వరుసలనూ కూడితే పన్ను విలువ రెట్టింపు అవుతుంది. పక్కపక్క వరుసల్లో పన్ను విలువ పైసాతో సహా ఒకటే అయి, రేటు 2.5 లేదా 9 అని ఉంటే అవి ఒకే గుంపుకు చెందిన రెండు సగాలని గుర్తించండి. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన సరుకైతే ఈ సగాలు ఉండవు, ఐజీఎస్టీ ఒక్కటే ఉంటుంది.

ఇంకో తరహా పట్టికలో రేటు బదులు హెచ్‌ఎస్‌ఎన్ కోడు వారీగా మొత్తాలు ఇస్తారు. సరుకు పక్కన కూడా అదే కోడు ఉంటే మీ పని సగం అయిపోయినట్టే, కోడుకు కోడు కలుపుకుంటూ పోవచ్చు. మరికొన్ని దుకాణాలు సరుకులనే రేటు వారీగా గుంపులు చేసి, గుంపు పైన రేటు ముద్రిస్తాయి. లేదా సరుకు పేరు ముందు ఒక అంకె గానీ అక్షరం గానీ పెట్టి, పట్టికలో ఆ గుర్తుకు రేటు ఇస్తాయి. ఫోటో అంచు తెగితే మొదట పోయేవి ఎడమ చివరనుండే ఆ గుర్తులే. కాబట్టి సరుకుల పక్కన ఏ గుర్తూ లేదని అనుకునే ముందు ఎడమ అంచు పూర్తిగా పడిందో లేదో చూసుకోండి.

మసక అంకెను పట్టికతోనే సరిచూడడం

పట్టికలో ప్రతి వరుస తనను తాను పరీక్షించుకుంటుంది. 18 శాతం వరుసలో పన్ను విలువను 0.09తో గుణిస్తే సీజీఎస్టీ రావాలి. 745.76 × 0.09 = 67.118, అంటే 67.12. కుదిరింది. అదే 745లోని 4 మసకబారి మీకు 795.76 అని కనిపించిందనుకోండి. దాన్ని 0.09తో గుణిస్తే 71.62 వస్తుంది. ముద్రించింది 67.12. చదవడంలో పొరపాటు వచ్చిందని తెలిసిపోతుంది.

దీన్ని తిరగేసి, పన్ను నుంచి విలువను రాబట్టాలనుకుంటే మాత్రం ఒక పరిమితి ఉంది. సీజీఎస్టీని పైసాకు సవరించి ముద్రిస్తారు కాబట్టి అందులో అర పైసా దాకా తేడా దాగి ఉంటుంది. దాన్ని 0.09తో భాగిస్తే ఆ తేడా ఆరు పైసల దాకా పెరుగుతుంది, 0.025తో భాగిస్తే ఇరవై పైసల దాకా పెరుగుతుంది. మన బిల్లులోనే చూడండి: 35.93 ÷ 0.025 = 1437.20. అసలు విలువ 1437.14. కాబట్టి పోయిన రూపాయి అంకెను పన్ను నుంచి నిలబెట్టుకోవచ్చు, పైసలను మాత్రం నమ్మకూడదు. పైసలు కావాలంటే వరుస మొత్తం ముద్రించి ఉందేమో చూసి, అందులోంచి రెండు పన్నులూ తీసేయండి. అప్పుడు కచ్చితమైన విలువ వస్తుంది.

ధరల్లో పన్ను కలిసి ఉందా, లేదా

ఈ ప్రశ్నకు జవాబు తేలకుండా ఒక్క సరుకుకు కూడా రేటు వేయవద్దు. పరీక్ష చిన్నదే. సరుకుల ధరలన్నీ కూడండి. ఆ మొత్తం చెల్లించిన మొత్తంతో సమానమైతే ధరల్లో పన్ను కలిసే ఉంది. చెల్లించిన మొత్తంలోంచి పన్నులు తీసేస్తే వచ్చేదానితో సమానమైతే పన్ను విడిగా వేశారు. మన బిల్లులో ధరల మొత్తం 3039, చెల్లించిందీ 3039. కాబట్టి పన్ను కలిసిన ధరలు.

ఇప్పుడు పట్టికలోని వరుసలను కూడా పన్నుతో కలిపి చూసుకోవాలి. 5 శాతం వరుస: 1437.14 + 35.93 + 35.93 = 1509.00. 18 శాతం వరుస: 745.76 + 67.12 + 67.12 = 880.00. రెండూ నిండు రూపాయల్లో తేలడం మంచి గుర్తు, ఎందుకంటే మన సరుకుల ధరలన్నీ నిండు రూపాయలే.

1509, 880 కలిపితే 2389. బిల్లు 3039. తేడా 650. ఈ 650 ఎక్కడికి పోయింది? పన్ను లేని సరుకులకు పట్టికలో వరుస వేయని సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అలాంటి బిల్లులో సున్నా రేటు వరుసను మీరే ఇలా తేల్చుకోవాలి. ఇప్పుడు మీ ముందు మూడు గుంపులు, వాటి మొత్తాలు ఉన్నాయి: సున్నాకు 650, 5 శాతానికి 1509, 18 శాతానికి 880. తొమ్మిది సరుకులను ఈ మూడింటిలో సర్దాలి.

బిల్లు తేదీ చూసి రేట్లు వేయడం

తెలిసిన సరుకులతో మొదలుపెట్టండి. కానీ మీకు తెలిసిన రేటు ఏ తేదీ నాటిదో చూసుకోండి. 22 సెప్టెంబరు 2025 నుంచి చాలా సరుకుల జీఎస్టీ మారింది. అంతకుముందు 18 శాతం ఉన్న బిస్కెట్లు, టూత్‌పేస్టు, తల నూనె, షాంపూ, ఒంటి సబ్బు 5 శాతానికి వచ్చాయి. 12 శాతం ఉన్న నెయ్యి, వెన్న కూడా 5 శాతానికి దిగాయి. డిటర్జెంట్ పౌడర్ 18 దగ్గరే ఉండిపోయింది. కాబట్టి సెప్టెంబరు బిల్లుల కట్ట చేతికొస్తే 21వ తేదీ వరకు ఒక దొంతరగా, 22 నుంచి మరో దొంతరగా విడదీసి కూర్చోవడం మేలు. పట్టికలో 12 శాతం వరుస కనిపిస్తే, తేదీ ముద్ర చెరిగిపోయినా అది పాత బిల్లు అయివుండవచ్చని ఊహించవచ్చు.

మన బిల్లు అక్టోబరుది. నూనె, టీ పొడి 5 శాతమని ఎవరైనా చెబుతారు. బిస్కెట్లు కొత్త రేటు ప్రకారం 5. ఉప్పుకు పన్ను లేదు. కందిపప్పు దగ్గర కాస్త ఆగాలి. పప్పులు, బియ్యం లూజుగా అమ్మితే పన్ను లేదు, 25 కిలోల వరకు ముద్రించిన ప్యాకెట్‌లో అమ్మితే 5 శాతం. 2022 జులై 18 నుంచి ఈ తేడా అమల్లో ఉంది. బిల్లులో లూజు అని రాసి ఉంది కాబట్టి సున్నా. ఆ మాట లేకపోతే మాత్రం నేను దాన్ని ఖాళీగా వదిలి, చివరకు లెక్క ఎటు తేలుస్తుందో చూస్తాను.

ఇక ఒంటి సబ్బులు, హ్యాండ్‌వాష్. రెండూ చేతులకు రాసుకునేవే కదా అని ఒకే రేటు వేయబుద్ధి అవుతుంది. కానీ సెప్టెంబరు మార్పులో 5 శాతానికి వచ్చింది బిళ్ల రూపంలో ఉండే ఒంటి సబ్బు మాత్రమే. ద్రవ రూపంలోని హ్యాండ్‌వాష్ 18 శాతంలోనే ఉంది. టూత్‌పేస్టు, మౌత్‌వాష్ మధ్య కూడా ఇదే తేడా: మొదటిది 5, రెండోది 18. దుకాణంలో ఒకే అరలో ఉన్న సరుకులు పన్నులో వేర్వేరు గుంపుల్లో పడటం మామూలే.

ఈ తేడా తెలియక హ్యాండ్‌వాష్‌కు కూడా 5 శాతం వేశారనుకుందాం. ఎక్సెల్‌లో సరుకు, ధర, రేటు అని మూడు నిలువు వరుసలు పెట్టుకుని, ఏ రేటు కింద ఎంత పడిందో ఈ సూత్రంతో చూడవచ్చు. ధరలు `B`లో, రేట్లు `C`లో ఉన్నాయి:

```
=SUMIF(C2:C10,5,B2:B10)
=SUMIF(C2:C10,18,B2:B10)
```

5 శాతం కింద 1694 వస్తుంది. రావాల్సింది 1509. 185 ఎక్కువ. 18 శాతం కింద 695 వస్తుంది. రావాల్సింది 880. అక్కడ అదే 185 తక్కువ. ఇప్పుడు ధరల వరుస చూడండి: 185 ధర ఉన్నది హ్యాండ్‌వాష్ ఒక్కటే. తప్పు ఎక్కడుందో తేడాయే చెప్పింది. అలాగే పాత అలవాటుతో ఒంటి సబ్బులకు 18 వేసి ఉంటే, తేడా 168 వచ్చేది, అది సబ్బుల ధర. ఒక గుంపులో ఎక్కువ, ఇంకో గుంపులో అంతే తక్కువ వస్తే, ఆ తేడాకు సరిపోయే సరుకును వెతకండి. సరిపోయే ధర ఒక్కటీ లేకపోతే రెండు మూడు సరుకులు కలిసి తప్పు గుంపులో పడ్డాయని అర్థం. అన్ని గుంపుల తేడాలనూ కలిపినా సున్నా రాకపోతే మాత్రం తప్పు రేటులో కాదు, ఏదో ఒక ధరను లేదా పట్టికలోని అంకెను తప్పుగా చదివారు. అప్పుడు మళ్లీ ఫోటో దగ్గరికి వెళ్లాలి. మొత్తం బిల్లుకు సరిపోతూ ఒక చిన్న ధర మాత్రమే మిగిలిపోతే, కవరుకు వేసిన రూపాయలను వదిలేశారేమో చూడండి. అది కూడా ఒక సరుకే, దానికీ ఒక రేటు ఉంటుంది.

రేట్లు తెలియనప్పుడు అంకెలతో వెతకడం

పేర్లు అర్థంకాని బిల్లులూ వస్తాయి. సాఫ్ట్‌వేర్ పేరును పది పన్నెండు అక్షరాలకు కత్తిరిస్తుంది, మిగిలింది చూసి అది పప్పో పౌడరో తెలియదు. అప్పుడు ఏ సరుకుల ధరలు కలిస్తే గుంపు మొత్తం వస్తుందో కంప్యూటర్‌తో వెతికించవచ్చు. పైథాన్‌లో ఇంత చాలు. ధరలను పైసల్లో ఇవ్వండి, దశాంశాల గొడవ ఉండదు:

```python
from itertools import combinations

items = {"కందిపప్పు": 61000, "ఉప్పు": 4000, "నూనె": 78500,
         "టీ పొడి": 43600, "బిస్కెట్లు": 12000, "ఒంటి సబ్బులు": 16800,
         "డిటర్జెంట్": 46500, "హ్యాండ్‌వాష్": 18500,
         "గిన్నెల లిక్విడ్": 23000}
target = 88000

for n in range(1, len(items) + 1):
    for c in combinations(items, n):
        if abs(sum(items[k] for k in c) - target) <= 2:
            print(", ".join(c))
```

చివర్లో ఉన్న 2 అంటే రెండు పైసల సడలింపు. తొమ్మిది సరుకులకు వెతకాల్సిన కలయికలు 511. కంటి రెప్ప వేసేలోగా ఫలితం వస్తుంది. ఈ బిల్లుకు అది ఇచ్చే జవాబు చూడండి:

```
కందిపప్పు, ఉప్పు, గిన్నెల లిక్విడ్
డిటర్జెంట్, హ్యాండ్‌వాష్, గిన్నెల లిక్విడ్
```

ఒకటి కాదు, రెండు జవాబులు. కందిపప్పు, ఉప్పు కలిపి 650. డిటర్జెంట్, హ్యాండ్‌వాష్ కలిపినా 650. అంటే పప్పుకూ ఉప్పుకూ 18 శాతం వేసి, డిటర్జెంట్‌నూ హ్యాండ్‌వాష్‌నూ పన్ను లేని సరుకులుగా ఎక్కించినా ఈ బిల్లు పైసాతో సహా కుదురుతుంది. ఏ పరీక్ష పెట్టినా పాసవుతుంది. ఉప్పుకు పన్ను లేదన్న సంగతి తెలిసిన మనిషే దాన్ని పట్టుకోగలడు. కాబట్టి లెక్క కుదరలేదంటే తప్పు ఉన్నట్టే గానీ, కుదిరినంత మాత్రాన ఒప్పని కాదు. కంప్యూటర్ ఇచ్చిన మొదటి జవాబును తీసుకుని ఆగకుండా, జవాబులు ఎన్ని వచ్చాయో తప్పకుండా చూడండి.

సరుకులు పెరిగితే ఈ పద్ధతి మొరాయిస్తుంది. ముప్పై సరుకుల బిల్లులో కలయికలు నూట ఏడు కోట్లు దాటతాయి. సమయం ఒక్కటే ఇబ్బంది కాదు. అన్ని కలయికల్లో యాదృచ్ఛికంగా సరిపోయేవి కుప్పలుగా వస్తాయి, వాటిలో నిజమైనదేదో తెలియదు. అందుకే రేటు కచ్చితంగా తెలిసిన సరుకులను ముందు పక్కకు తీసి, వాటి ధరలను గుంపు మొత్తంలోంచి తగ్గించండి. మిగిలిన అయిదారు అనుమానపు సరుకుల మీదనే వెతకండి. ఇక్కడ నూనె, టీ పొడి, ఉప్పు తీసేస్తే చాలు, ఆ తప్పుడు జవాబు మళ్లీ రాదు.

ఏ వెతుకులాటకూ లొంగని పరిస్థితి ఒకటుంది: ఒకే ధర ఉన్న రెండు సరుకులు, వేర్వేరు రేట్లు. 120 రూపాయల బిస్కెట్లు, 120 రూపాయల గచ్చు కడిగే లిక్విడ్ ఒకే బిల్లులో ఉంటే, ఏది 5, ఏది 18 అన్నది పట్టిక చెప్పలేదు. పేరు చదవగలిగితే సరే. లేకపోతే అదే దుకాణం ఇచ్చిన పాత బిల్లుల్లో ఆ కత్తిరించిన పేరు వేరే చోట వచ్చిందేమో వెతకండి. ఒకే దుకాణం ఒకే సరుకును ఎప్పుడూ ఒకే విధంగా కత్తిరిస్తుంది. ఇలా తేలిన పేర్లను దుకాణం వారీగా, ఏ తేదీ నుంచి ఏ రేటో రాస్తూ ఒక షీటులో దాచుకుంటే, నెల తిరిగేసరికి సగం బిల్లులకు వెతుకులాట అవసరం ఉండదు.

తగ్గింపు ఉన్న బిల్లు

ధరల మొత్తం చెల్లించిన మొత్తంతోనూ, పన్నులు తీసేసిన మొత్తంతోనూ కుదరకపోతే తగ్గింపును వెతకండి. సరుకు వారీగా ఇచ్చిన తగ్గింపుతో ఇబ్బంది లేదు, ఆ వరుసలోనే తీసేస్తే సరిపోతుంది. బిల్లు మొత్తం మీద ఇచ్చిన తగ్గింపే చిక్కు తెస్తుంది. మన బిల్లు మీద వంద రూపాయలు తగ్గించారనుకుందాం. చెల్లించింది 2939. సాఫ్ట్‌వేర్ ఆ వందను అన్ని సరుకుల మీదా ధర నిష్పత్తిలో పంచితే, 18 శాతం వరుస మొత్తం 880 బదులు 851.04 అవుతుంది. ఏ సరుకుల ధరలు కలిపినా 851.04 రాదు.

అప్పుడు పట్టిక వరుసను తగ్గింపుకు ముందున్న స్థితికి తీసుకురావాలి. 851.04 × 3039 ÷ 2939 = 880.00. ఇక మిగతా పని పైన చెప్పినట్టే. ఇలా పెంచి చూసినా ఏ గుంపూ కుదరకపోతే, తగ్గింపు అన్ని సరుకులకూ కాకుండా కొన్నింటికే ఇచ్చి ఉంటారు. లేదా అది కూపన్ రూపంలో, పన్ను వేసిన తర్వాత డబ్బు చెల్లించే దగ్గర తగ్గించిందై ఉంటుంది. రెండో సందర్భంలో పట్టికను పెంచాల్సిన పనే లేదు, అది పూర్తి ధరల మీదనే ఉంటుంది. పట్టిక మొత్తాలూ, సున్నా రేటు సరుకులూ కలిపితే 3039 వస్తోందా, 2939 వస్తోందా అని చూస్తే ఏదో తెలిసిపోతుంది. సున్నా రేటు వరుస ముద్రించని బిల్లులో మాత్రం ఆ సరుకుల మొత్తాన్ని ముందు మీరే తేల్చుకోవాలి.

పైసల తేడాను సర్దడం

గుంపులు తేలాయి. ఇప్పుడు ఒక్కో సరుకు పన్ను విలువ కట్టాలి. పన్ను కలిసిన ధర నుంచి విలువ తీసే సూత్రం ఇది:

```
=ROUND(B2*100/(100+C2),2)
```

5 శాతం గుంపులో నూనె 747.62, టీ పొడి 415.24, బిస్కెట్లు 114.29, సబ్బులు 160.00 వస్తాయి. కూడితే 1437.15. పట్టికలో ఉన్నది 1437.14. ఒక పైసా ఎక్కువ. 18 శాతం గుంపులోనూ అంతే: డిటర్జెంట్ 394.07, హ్యాండ్‌వాష్ 156.78, గిన్నెల లిక్విడ్ 194.92, మొత్తం 745.77. పట్టికలో 745.76.

ఇది తప్పు కాదు. దుకాణం సాఫ్ట్‌వేర్ గుంపు మొత్తం మీద ఒకసారి సవరించింది, మీరు సరుకు సరుకుకూ సవరించారు. పట్టికలోని అంకెనే నిలబెట్టండి, ఎందుకంటే అమ్మినవారు తమ రిటర్నులో చూపించేది దాన్నే, మీ జీఎస్టీఆర్-2బీలోకి వచ్చేదీ అదే. ఆ పైసాను గుంపులో అన్నిటికంటే పెద్ద సరుకు మీద తగ్గించండి: నూనె 747.61, డిటర్జెంట్ 394.06. ఎంతవరకు పైసల తేడా, ఎక్కడి నుంచి తప్పు అని అడిగితే నా కొలత ఇది: సరుకుకు అర పైసా. నాలుగు సరుకుల గుంపులో రెండు పైసలు దాటితే అది సవరణ తేడా కాదు, వెనక్కి వెళ్లి చూడాల్సిందే. పద్దెనిమిది రూపాయల తేడాను రౌండాఫ్‌లో వేసిన పద్దులను కూడా నేను చూశాను, అది లెక్క రాయడం కాదు.

పన్నును సరుకు వారీగా సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ అని విడగొట్టే ప్రయత్నం చేయవద్దు. సర్దిన తర్వాత నూనె మీద పన్ను 785 − 747.61 = 37.39. దాన్ని సగం చేస్తే 18.695. ఆ అర పైసాను ఎటు వేసినా రెండు పన్నులూ సమానంగా ఉండవు. సరుకుకు మొత్తం పన్ను మాత్రమే రాసి, సగాలను గుంపు దగ్గర పట్టికలోంచి నేరుగా తీసుకోండి.

అమ్మినవారే తప్పు రేటు వేసి ఉంటే

కొన్నిసార్లు ఎంత వెతికినా హ్యాండ్‌వాష్ 5 శాతం గుంపులో తప్ప ఇంకెక్కడా కుదరదు. పేరు స్పష్టంగా ఉంది, ధర స్పష్టంగా ఉంది, పట్టిక కూడా తనలో తాను సరిగ్గానే ఉంది. అంటే ఆ దుకాణం సాఫ్ట్‌వేర్‌లో ఆ సరుకుకు తప్పు రేటు పెట్టి ఉన్నారు. రేట్లు మారిన కొత్తలో ఇలాంటి బిల్లులు సహజంగానే వస్తాయి. సరైన రేటు మీకు తెలుసు కదా అని కొనుగోలు పద్దులో 18 వేయకండి. అమ్మినవారు వసూలు చేసింది 5, వారి రిటర్నులో పోయేది 5. మీరు 18 రాస్తే కట్టని పన్నుకు క్రెడిట్ అడిగినట్టవుతుంది. బిల్లులో ఉన్నట్టే కొనుగోలును ఎక్కించి, పక్కన గమనిక రాసి, బిల్లు సరిచేసి ఇవ్వమని దుకాణదారుకు కబురు పెట్టమని మీ ఖాతాదారుకు చెప్పండి. ఆ సరుకును మీ ఖాతాదారు తిరిగి అమ్మేటప్పుడు మాత్రం సరైన రేటే వేయాలి. కొనుగోలు రేటును చూసి స్టాకులో సరుకు రేటు తనంతట తాను మారిపోయేలా మీ సాఫ్ట్‌వేర్‌లో అమరిక ఉంటే, ఇలాంటి బిల్లు ఎక్కించిన వెంటనే ఆ సరుకు తెరిచి చూడండి.

తేలని సరుకు మిగిలితే ఊహించి రేటు వేయవద్దు. మిగతావి ఎక్కించి, దాని పేరు, ధర, ఏ రెండు రేట్ల మధ్య అనుమానమో రాసి బిల్లును పెండింగ్‌లో ఉంచండి. దుకాణానికి ఫోను చేసి బిల్లు నంబరు చెప్పి, ఆ ఒక్క సరుకు హెచ్‌ఎస్‌ఎన్ కోడు అడిగితే చాలు. బిల్లు మొత్తం మళ్లీ ముద్రించమంటే విసుక్కునేవారు కూడా కోడు ఒక్కటే అడిగితే తెర మీద చూసి చెప్పేస్తారు.